ఇంగ్లీష్ సర్క్యులర్‌ని ఫోటో తీసి తెలుగులో చదువుకునే తల్లిదండ్రులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదువుకున్నాను. మా పాప గాజువాకలో ఒక ఇంగ్లీష్ మీడియం స్కూల్లో మూడో తరగతి చదువుతోంది. బ్యాగులోంచి సర్క్యులర్ బయటికి వచ్చిన ప్రతిసారీ ఫోన్‌తో ఫోటో తీసి, తెలుగులోకి మార్చుకుని, అందులో తేదీలు, మేం చేయాల్సిన పనులు వేరుగా రాసుకుంటాను. మూడేళ్లుగా ఇలాగే చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో మిగతా తల్లులు, కొందరు నాన్నలు నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఏ యాప్ వాడాలి? ఫోటో తీస్తే తెలుగులో వచ్చేస్తుందా?

ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు గూగుల్ లెన్స్ ముందే ఉంటుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్ యాప్‌లో కూడా కెమెరా గుర్తు ఉంటుంది. రెండూ ఫోటోలోని అక్షరాలను గుర్తుపట్టి తెలుగులోకి మారుస్తాయి.

అయితే చాలామంది కెమెరాను కాగితం మీద పెట్టి, ఇంగ్లీష్ అక్షరాల స్థానంలో తెలుగు కనబడగానే చదివేసి ఊరుకుంటారు. అలా చదివితే విషయం అర్థమవుతుంది గానీ తప్పులు దొరకవు. ఇంగ్లీష్ మాటల మీద తెలుగు మాటలు పరుచుకుంటాయి కాబట్టి అసలు అంకె ఏమిటో కనబడదు. అందుకే నేను ముందు మామూలు కెమెరాతో ఫోటో తీసి గ్యాలరీలో ఉంచుకుంటాను. తర్వాత దాన్ని లెన్స్‌లో తెరిచి, అక్షరాలను మాత్రం కాపీ చేసి, ట్రాన్స్‌లేట్ యాప్‌లో పేస్ట్ చేస్తాను. అప్పుడు పైన ఇంగ్లీష్, కింద తెలుగు పక్కపక్కనే ఉంటాయి. కాగితం చేతిలో ఉంటుంది. మూడూ కలిపి చూసుకోవచ్చు. ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

ఫోటో తీసేటప్పుడు ఏం చూసుకోవాలి?

కాగితాన్ని బల్ల మీద పరిచి, మడతలు చేత్తో సాపు చేయాలి. కిటికీ పక్కన పగటి వెలుతురులో తీస్తే మంచిది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే మన చేతి నీడ, ఫోన్ నీడ సరిగ్గా తేదీ ఉన్న లైను మీదే పడుతుంటాయి. ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా పట్టుకుంటే కింది లైన్లు సన్నబడిపోతాయి.

పల్చటి కాగితానికి రెండు వైపులా ప్రింట్ ఉంటే వెనక అక్షరాలు ముందుకు కనబడి యాప్ తికమక పడుతుంది. కాగితం కింద ఒక నల్ల అట్టగానీ ముదురు రంగు నోట్‌బుక్ గానీ పెట్టి తీయండి, వెనక అక్షరాలు చాలావరకు మాయమవుతాయి.

తీశాక ఫోటోను పెద్దది చేసి తేదీలున్న చోట ఒకసారి చూడండి. అక్కడి అంకె మీ కంటికే స్పష్టంగా లేకపోతే యాప్‌కీ స్పష్టంగా ఉండదు. అది ఊహించి ఏదో ఒక అంకె వేస్తుంది, ఊహించానని చెప్పదు.

కాగితం తిప్పి చూడటం మాత్రం మరిచిపోవద్దు. కింద మూలన ‘పీటీఓ’ అనో ‘ఓవర్‌లీఫ్’ అనో ఉంటే మిగతా విషయం వెనక ఉందని అర్థం. అవేవీ లేకుండా కూడా వెనక ప్రింట్ ఉండొచ్చు.

స్కూల్ వాళ్లు వాట్సాప్‌లో ఫోటో పంపితే?

వాట్సాప్ మామూలుగా ఫోటో సైజు తగ్గించి పంపుతుంది. నాలుగు గ్రూపులు తిరిగి వచ్చిన ఫోటోలో 3కీ 8కీ తేడా తెలియదు. అలాంటప్పుడు క్లాస్ గ్రూపులో ఎవరినైనా అడిగి అసలు కాగితాన్ని హెచ్‌డీలో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపించుకోండి. స్కూల్ పీడీఎఫ్ ఇస్తే ఇంకా మంచిది. చాలా పీడీఎఫ్‌లలో అక్షరాలు నేరుగా కాపీ అవుతాయి, ఫోటో గొడవే ఉండదు.

తెలుగు చక్కగానే వచ్చింది. మళ్లీ ఇంగ్లీష్ ఎందుకు చూడాలి?

తెలుగు చక్కగా వచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వాక్యం గజిబిజిగా ఉంటే మనకే అనుమానం వస్తుంది. సాఫీగా ఉంటే నమ్మేస్తాం.

మా పక్క ఫ్లాట్ ఆవిడ ఒకరోజు సాయంత్రం టెన్షన్ పడుతూ వచ్చింది. “అక్కా, శనివారం మన వార్డుని తీసుకురమ్మంటున్నారు. వార్డు సచివాలయం నుంచి ఏమైనా కాగితం తేవాలా?” అంది. సర్క్యులర్ చూస్తే అందులో ‘యువర్ వార్డ్’ అని ఉంది. స్కూల్ ఇంగ్లీష్‌లో వార్డ్ అంటే మన సంరక్షణలో ఉన్న పిల్లవాడో పిల్లో. యాప్ దాన్ని వార్డు అనే ఉంచేసింది. విశాఖలో వార్డు అనగానే మనకు గుర్తొచ్చేది జీవీఎంసీ వార్డు, దాని సచివాలయం. ఆవిడ అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ‘రిపోర్ట్ ఎట్ స్కూల్ బై 7.30’ అంటే ఏడున్నరకల్లా స్కూల్లో ఉండాలని. యాప్ దాన్ని ‘నివేదించండి’ అంటుంది. ‘రెడ్ హౌస్’ ఎర్ర ఇల్లు అయిపోతుంది, నిజానికది పిల్లల జట్టు పేరు. ‘డిస్పర్సల్’ అంటే పిల్లలను ఇంటికి వదిలే సమయం. వాక్యంలో ఏ మాటైనా ఆ సందర్భానికి అతకడం లేదనిపిస్తే ఆ ఒక్క మాట ఇంగ్లీష్‌లో ఏముందో చూడండి.

ముఖ్యంగా ఏ మాటల దగ్గర ఆగి చూడాలి?

గడువు చెప్పే చిన్న మాటల దగ్గర. పెద్ద మాటలు తప్పుగా వచ్చినా మనకు తెలిసిపోతుంది. చిన్న మాట తప్పితే ఒక రోజు తేడా వస్తుంది, ఆ తేడా ఎక్కడా కనబడదు.

‘ఆన్ ఆర్ బిఫోర్ 12’ అంటే 12వ తేదీ కూడా పనికొస్తుంది. ఉత్త ‘బిఫోర్ 12’ అని ఉంటే 11తోనే అయిపోయినట్టు. తెలుగులో రెండూ ‘12వ తేదీ లోపు’ అని రావచ్చు. మన మాటల్లో కూడా లోపు అంటే ఆ రోజు కలుస్తుందా లేదా అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు. అందుకే నేను రాసుకునేటప్పుడు లోపు అనే మాటే వాడను, ‘చివరి రోజు: బుధవారం 12’ అని రాస్తాను.

సెలవుల విషయంలో ‘క్లోజ్డ్ టిల్ 18’ అని ఉంటే అక్కడితో ఆగకుండా ‘రీఓపెన్స్ ఆన్’ అనే మాట ఎక్కడైనా ఉందేమో వెతకండి. స్కూల్ తెరిచే తేదీ ఒక్కటి తెలిస్తే ఏ సందేహమూ ఉండదు. ‘బోత్ డేస్ ఇన్‌క్లూజివ్’ అంటే మొదటి రోజు, ఆఖరి రోజు రెండూ కలిపి.

‘అన్‌లెస్’, ‘ఎక్సెప్ట్’, ‘నాట్’ ఉన్న వాక్యాలను రెండుసార్లు చదవాలి. పొడవాటి వాక్యంలో తిరగేసిన అర్థం వచ్చే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. ‘ఫెయిలింగ్ విచ్’ అన్నచోట యాప్ ‘విఫలమైతే’ అని రాస్తుంది. ఎవరు విఫలమైతే అని మనం తలపట్టుకుంటాం. పైన చెప్పిన పని చేయకపోతే ఏం జరుగుతుందో ఆ తర్వాత చెబుతారు, అంతే. ఆ భాగం తప్పకుండా చదవాలి, ఎందుకంటే ఫైన్ గానీ, ఆ పనికి పిల్లను తీసుకెళ్లరన్న మాట గానీ అక్కడే ఉంటుంది.

‘ఇన్ ల్యూ ఆఫ్’ అంటే బదులుగా అని. వర్షానికి ఇచ్చిన సెలవుకు బదులు రెండో శనివారం స్కూల్ పెట్టినప్పుడు ఈ మాట వస్తుంది. ‘ఎఫ్ఎన్’ అంటే మధ్యాహ్నానికి ముందు, ‘ఏఎన్’ అంటే మధ్యాహ్నం తర్వాత.

తేదీ సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

వారం పేరుతో. సర్క్యులర్‌లో తేదీ పక్కన వారం ఉంటే అది మీకు సాక్షి. క్యాలెండర్ తెరిచి ఆ తేదీకి ఆ వారం సరిపోతుందో లేదో చూడండి. ఒక అంకె తప్పుగా చదివితే చాలాసార్లు వారం కలవదు. వారం రోజుల తేడాతో తప్పితే మాత్రం, అంటే 11 కాస్తా 18 అయితే, వారం కూడా కలిసిపోతుంది. కాబట్టి వారం కలిసినా అంకెను కాగితం మీద ఒకసారి చూడాల్సిందే.

మనకు 05-11 అంటే నవంబరు 5. అమెరికా పద్ధతిలో అది మే 11. అనువాదంలో అంకెల తేదీ నెల పేరుతో కనబడితే అది నిజంగా కాగితం మీద ఉన్న నెలేనా అని చూడండి. నేనైతే తేదీ, సమయం, డబ్బు, ఫోన్ నంబరు ఈ నాలుగింటినీ అనువాదం నుంచి ఎప్పుడూ రాసుకోను, కాగితం నుంచే రాసుకుంటాను. అంకెలకు అనువాదంతో పని లేదు కదా.

వారానికీ తేదీకీ పొంతన లేదు, కాగితం మీద కూడా అలాగే ఉంది అనుకోండి. అప్పుడది స్కూల్ వాళ్ల టైపింగ్ పొరపాటు. పాత సర్క్యులర్‌లో తేదీ మార్చి వారం మార్చడం మరిచిపోతే ఇలా అవుతుంది. ఏది సరైనదో మనమే తేల్చుకోకూడదు, అడగాలి.

ఒక సర్క్యులర్‌ని మొదటి నుంచి చివరి వరకు చేసి చూపిస్తారా?

మన ఊళ్లో ఒకటి నుంచి ఐదు తరగతులకు వచ్చే లాంటి సర్క్యులర్ ఒకటి నమూనాగా తీసుకుందాం. పైన తేదీ 03-11-2025. ముందు వైపు విహారయాత్ర గురించి. పిల్లలను 21-11-2025 శుక్రవారం ఆర్కే బీచ్‌లోని కుర్సుర సబ్‌మెరైన్ మ్యూజియానికి, దాని ఎదురుగా ఉన్న టీయూ 142 విమానం మ్యూజియానికి తీసుకెళ్తారు. ఇష్టమున్నవాళ్లు కింద ఉన్న స్లిప్ చించి, సంతకం పెట్టి, 350 రూపాయలతో క్లాస్ టీచర్‌కి ‘ఆన్ ఆర్ బిఫోర్ 12-11-2025, వెడ్నెస్‌డే’ అందజేయాలి. ‘ఫెయిలింగ్ విచ్’ ఆ పిల్లను తీసుకెళ్లరు. ఆ రోజు 7.30కి ‘రిపోర్ట్’ చేయాలి. స్పోర్ట్స్ యూనిఫాం. ఒంటి గంటకు ‘డిస్పర్సల్’. ‘స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ విల్ నాట్ ప్లై ఇన్ ది ఆఫ్టర్నూన్’. వెనక వైపు రెండు పేరాలు: 08-11-2025 రెండో శనివారం పనిదినం, 15-11-2025 శనివారం 9.30 నుంచి 12 వరకు పేరెంట్స్ మీటింగ్, ఆ రోజు పిల్లలకు క్లాసులు లేవు.

ఫోటో తీసి మార్చితే స్లిప్ ఇచ్చే తేదీ 17-11-2025 బుధవారం అని వచ్చిందనుకుందాం. కాగితం మడత సరిగ్గా 2 మీద పడి ఉంటే అది 7లా కనబడుతుంది. క్యాలెండర్‌లో చూస్తే నవంబరు 17 సోమవారం. బుధవారం కాదు. దాంతో కాగితం చూస్తాం, మడత సాపు చేస్తే 12 కనబడుతుంది. వారం చూడకపోయి ఉంటే, గడువు దాటిన ఐదు రోజులకు స్లిప్ పట్టుకెళ్లేవాళ్లం.

ఇప్పుడు పనులు తీయాలి. ప్రతి పేరా దగ్గర నేను వేసుకునే ప్రశ్నలు నాలుగే: ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటికి, చేయకపోతే ఏమవుతుంది. ఇలా అడిగితే రాసి లేని పనులు కూడా బయటికొస్తాయి. మధ్యాహ్నం స్కూల్ బస్సు ‘నాట్ ప్లై’ అంటే నడవదని. అది సమాచారంలా రాశారు గానీ మనకది పని, ఒంటి గంటకు ఎవరో ఒకరు వెళ్లి పాపను తెచ్చుకోవాలి. నాన్నకు ఆ రోజు డ్యూటీ ఏ షిఫ్టో ముందే చూసుకోవాలి. సర్క్యులర్‌లో ‘తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్లాలి’ అన్న వాక్యం లేదు కాబట్టి అనువాదం మాత్రమే చదివినవాళ్లకు ఇది తట్టదు.

తీసిన పనుల్ని కాగితంలో ఉన్న వరసలో కాకుండా తేదీ వరసలో రాస్తాను. అప్పుడు ఫ్రిజ్ మీద అంటించే చీటీ ఇలా వస్తుంది:

శనివారం 8: స్కూల్ ఉంది. బాక్సు కట్టాలి.
మంగళవారం 11 రాత్రి: స్లిప్ మీద సంతకం, 350 రూపాయలు కవర్లో పెట్టి బ్యాగులో వేయాలి.
బుధవారం 12: స్లిప్ క్లాస్ టీచర్‌కి. చివరి రోజు. ఇవ్వకపోతే యాత్ర లేదు.
శనివారం 15: మీటింగ్ 9.30–12. మనం మాత్రమే. పాపకు క్లాసు లేదు, ఇంట్లో ఎవరుంటారు?
గురువారం 20 రాత్రి: స్పోర్ట్స్ యూనిఫాం ఉతికి ఉందా చూడాలి.
శుక్రవారం 21: 7.30కల్లా స్కూల్లో. ఒంటి గంటకు మనమే తెచ్చుకోవాలి, బస్సు లేదు.

ఈ సర్క్యులర్‌లో అన్నిటికంటే ముందు వచ్చే తేదీ కాగితం వెనక ఉందని గమనించండి. ముందు వైపు మాత్రమే ఫోటో తీసినవాళ్లు రెండో శనివారం పిల్లను ఇంట్లోనే ఉంచేస్తారు.

ఫోన్‌లో అలారం పెట్టుకునేవాళ్లు చివరి రోజుకి కాకుండా ముందు రోజు రాత్రి 8 గంటలకు పెట్టుకోండి. చివరి రోజు ఉదయం 7 గంటలకు మోగితే చిల్లర ఉండదు, పెన్ను దొరకదు, బస్సు వచ్చేస్తుంది.

పరీక్షల టైంటేబుల్ లాంటి టేబుల్ ఉంటే అంతా కలిసిపోతోంది. ఏం చేయాలి?

టేబుల్‌ని యాప్ చాలాసార్లు గడుల ప్రకారం చదవదు. ఒక్కోసారి అడ్డంగా, ఒక్కోసారి నిలువుగా చదివి అన్నీ ఒకే వరసలో పోస్తుంది. మూడో తరగతి లెక్కల పరీక్ష పక్కన నాలుగో తరగతి తేదీ వచ్చి కూర్చుంటుంది. తప్పని అనిపించదు కూడా, ఎందుకంటే రెండూ నిజమైన తేదీలే.

అందుకే టేబుల్‌ని అనువాదం చేయకండి. నిజానికి అందులో అనువాదం చేయాల్సింది ఏమీ ఉండదు. సబ్జెక్టుల పేర్లు పిల్లకే తెలుసు. పై వరసలోని శీర్షిక, మీ తరగతి వరస మాత్రం కనబడేలా మిగతాది రెండు కాగితాలతో కప్పి ఫోటో తీయండి. తర్వాత పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పరీక్ష చదివించి చేత్తో రాసుకోండి. మా పాప ‘ఎస్ఏ–1’ టైంటేబుల్ ఇలాగే రాయించింది, పది నిమిషాలు పట్టింది.

డైరీలో టీచర్ చేత్తో రాసింది యాప్ చదవడం లేదు.

విడివిడిగా రాసిన అక్షరాలైతే కొంత చదువుతుంది. కలిపి రాస్తే చాలా తప్పులొస్తాయి, ఒక్కోసారి సంబంధం లేని మాటలు వస్తాయి. చేతిరాత దగ్గర యాప్ మీద ఆధారపడొద్దని నా సలహా. పిల్లనే చదవమనండి, లేదా తోటి పిల్లల ఇంట్లో అడగండి.

వర్షాలప్పుడు ‘రేపు సెలవు’ అని సర్క్యులర్ ఫోటోలు వస్తుంటాయి. నమ్మొచ్చా?

మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను అనగానే ఈ ఫోటోలు మొదలవుతాయి. పాత ఏడాది కాగితం కూడా మళ్లీ తిరుగుతుంది. ముందు చూడాల్సింది కాగితం పైభాగంలో ఉన్న తేదీ, అందులోనూ సంవత్సరం. పైభాగం కత్తిరించిన ఫోటో అయితే దాన్ని అనువాదం చేసుకుని లాభం లేదు. ‘టుమారో’ అనే మాట ఏ తేదీన రాశారో తెలియకపోతే అది ఏ రోజో చెప్పలేం.

జిల్లా మొత్తానికి వర్షం సెలవు కలెక్టర్ గారు ప్రకటిస్తారు. మీ స్కూల్ నంబరు నుంచి మెసేజ్ వచ్చేదాకా ఆగండి, లేదా ఫోన్ చేయండి.

సర్క్యులర్ ఫోటోని గ్రూపులో పెట్టి అర్థం అడగొచ్చా?

అడగొచ్చు. కానీ స్లిప్ నింపకముందే ఫోటో తీసి పెట్టుకోండి. నింపిన స్లిప్‌లో పిల్ల పేరు, సెక్షన్, అడ్మిషన్ నంబరు, మీ ఫోన్ నంబరు ఉంటాయి. పిల్లల అపార్ ఐడీ కోసం తీసుకునే అంగీకార పత్రం లాంటి వాటిలో ఆధార్ వివరాలు కూడా రాయాల్సి వస్తుంది. అవి గ్రూపులో పెట్టేవి కావు. నెట్ మీద పనిచేసే అనువాద యాప్‌కి కూడా ఖాళీ ఫారం చూపిస్తే చాలు, నింపినది చూపించక్కర్లేదు.

ఫారం నింపేటప్పుడు ఇంకో మాట. పేర్లను యాప్ రాసిన స్పెల్లింగ్‌తో రాయకండి. తెలుగులోంచి ఇంగ్లీష్‌లోకి మార్చినప్పుడు ఇంటిపేరు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, కొన్నిసార్లు పేరుకే అర్థం చెప్పేస్తుంది. ఆధార్‌లో, స్కూల్ రికార్డులో ఉన్న అక్షరాలు చూసి అలాగే దించాలి.

అన్నీ చూసినా అనుమానం తీరకపోతే టీచర్‌ని ఎలా అడగాలి?

‘సర్క్యులర్ అర్థం కాలేదు మేడమ్’ అని పంపితే ఆవిడ మొత్తం మళ్లీ వివరించాలి. నలభై మంది పిల్లల తల్లిదండ్రులకు జవాబివ్వాల్సిన మనిషికి అది కష్టం, జవాబు ఆలస్యమవుతుంది. ఏ ఒక్క విషయం తెలియాలో అదే అడగండి, అవును కాదు అని చెప్పగలిగేలా.

‘నమస్తే మేడమ్. థర్డ్ క్లాస్ బి సెక్షన్. స్లిప్, డబ్బులు ఇవ్వడానికి 12వ తేదీ బుధవారం చివరి రోజు కదా? ఆ రోజు ఇచ్చినా తీసుకుంటారా?’

ఇలా తెలుగులోనే పంపండి. మేడమ్‌కి తెలుగు రాకపోతే ఇలాంటి చిన్న వాక్యాలను యాప్ ఇంగ్లీష్‌లోకి చాలావరకు తప్పు లేకుండా మారుస్తుంది. పంపేముందు తేదీ అంకె మాత్రం ఒకసారి చూసుకోండి.